కొర్నేలి గారి ఆరు పేజీలు

కొర్నేలి గారికి ఉత్తరం వస్తే మూడు రోజుల్లో జవాబు వెళ్ళాలి. భిలాయి స్టీల్ ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేసిన మనిషి. అక్కడ మెమో వచ్చాక నోరు మూసుకుంటే తప్పు ఒప్పుకున్నట్టే లెక్క. అందుకని రిటైరయ్యాక కూడా కరెంటు బిల్లుకైనా, పెళ్ళి శుభలేఖకైనా తారీఖు వేసి, సంతకం పెట్టి, నకలు దాచుకుని జవాబిచ్చేవారు. ఇంగ్లీషు రాసిపెట్టే పని సెక్టర్ 4లో పక్క క్వార్టర్ వాడిని కాబట్టి నాది. ఇంగ్లీషు మాస్టారిని, రాయనంటే పరువు పోతుంది.

రిటైరైన కొత్తలో ఆయన కాంట్రాక్టు మీద ఆఫ్రికాలో ఒక రోలింగ్ మిల్లు బిగించడానికి వెళ్ళారు. అక్కడ యుద్ధం వచ్చింది. ఒక కమాండర్ మనుషులు మిల్లులోకి చొరబడి పదకొండు మందిని వరసగా నిలబెట్టి కాల్చేశారు. వాళ్ళలో మ్వాంబా అనే కుర్ర ఫిట్టరున్నాడు. కొర్నేలి గారు రోలర్ల కింద గుంతలో నూనెలో మునిగి బతికారు. మ్వాంబా ఆఖరికి ఏమన్నాడో విన్నది ఆయన ఒక్కరే. ఆ మాట భార్య భాగ్యవతమ్మకి కూడా చెప్పలేదు. "అది కోర్టులో ఆ కమాండరుగాడి మొహం చూసి చెప్పాల్సిందే మాస్టారూ," అనేవారు.

హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఆ కమాండర్ మీద వారెంటు ఇచ్చింది. బాధితుల్లో ఒకరిగా కొర్నేలి గారి దరఖాస్తు ఒప్పుకున్నారు. బాధితుల లాయరు బృందంలో విశాఖపట్నం పిల్ల వాసవి ఉండేది, ఫోన్లో అన్నీ చెప్పేది. సాక్ష్యం చెప్పడానికి ఆయన చేయబోయే హేగ్ ప్రయాణం కోసం చర్చిలో ప్రార్థన కూడా అయిపోయింది. పాస్టరు గారు తొందర మనిషి.

ఇంతలో ఆ దేశపు ప్రాసిక్యూటరు ఆఫీసు నుంచి ఉత్తరం. అదే కమాండర్ని మేమే పట్టుకున్నాం, అదే నేరం మీద దర్యాప్తు చేస్తున్నాం, మీరు చూసింది రాసి పంపండి అని. ఇద్దరం కూర్చుని ఆరు పేజీలు రాశాం. మిల్లు పటం ఆయన గీశారు, సెమికోలన్లు నేను పెట్టాను. దుర్గ్‌లో నోటరీ ముద్ర వేయించి పంపించాం. వాసవికి ఒక మాట చెబుదామని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఎనిమిది నెలలకి, 2013లో, వాసవి స్వయంగా వచ్చింది. భాగ్యవతమ్మ ఇచ్చిన టీ పక్కన పెట్టి, తల దించుకునే చెప్పింది.

"బాబాయ్, కేసు అక్కడ నడవదు. ఇన్‌అడ్మిసిబుల్ అన్నారు."

"అంటే ఏటమ్మా? నేరం జరగలేదన్నారా?"

"అది కాదు. హేగ్ కోర్టు ముందు వరసలో ఉండదు. సొంత దేశం అదే మనిషిని, అదే నేరం మీద నిజంగా విచారిస్తూంటే ఇది తప్పుకోవాలి. ఆ దేశానికి మనసు లేకపోయినా, శక్తి లేకపోయినా మాత్రమే ఇది కలగజేసుకుంటుంది."

"అయితే ఆళ్ళది నాటకమని చెప్పలేపోయారా?"

"చెప్పాం బాబాయ్. మొదట్లో వాళ్ళ దగ్గర ఉత్త మాటలే ఉన్నాయి. అప్పుడు రుజువు చూపించమన్నారు జడ్జీలు. వాళ్ళు శవాలు పాతిన గోతులు తవ్వించారు, అరవై మంది సాక్షుల వాంగ్మూలాలు దాఖలు చేశారు. వేరే దేశంలో ఉన్న సాక్షిని కూడా వెతికి రాయించుకున్నామని ఒకటి ప్రత్యేకంగా చూపించారు." తలెత్తి నా వైపు చూసింది. "పటంతో సహా ఆరు పేజీలు."

నేను కిటికీలోంచి సైకిళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"మాస్టారి ఇంగ్లీషు బావుందని మా సీనియర్ అన్నారు," అంది వాసవి. నన్ను ఓదార్చాలనే అనుకుంటాను.

"అయితే జవాబివ్వకుండా ఊరుకోవాల్సిందా?" అన్నారు కొర్నేలి గారు.

"లేదు బాబాయ్. మీదొక్కటే కాదు కదా. మీరు చేసింది తప్పు కాదు."

"మరి పైకి అప్పీలు?"

"హేగ్ కోర్టు ప్రాసిక్యూటరు వేయొచ్చు, బాధితులం మనం వేయలేం. ఆవిడ వేయనన్నారు. రేపు ఆ దేశం విచారణ ఆపేస్తే, దొంగ విచారణని తేలితే, మళ్ళీ చూడమని అడగొచ్చు."

"ఆపేయాలని ప్రార్థన చెయ్యమంటావేటి?"

వాసవి చల్లారిన టీ చేతిలోకి తీసుకుంది.

"పోనీ ఆళ్ళ కోర్టుకైనా నన్ను పిలుస్తారా?"

"తెలీదు బాబాయ్. కాగితం సరిపోతుందనుకుంటే పిలవరు. చెప్పాల్సింది ఇంకా ఉంటే అదనంగా రాసి పంపొచ్చు."

ఆమె వెళ్ళాక చాలాసేపటికి కొర్నేలి గారు బల్ల దగ్గరికి కుర్చీ జరిపారు. "రాయండి మాస్టారూ. మ్వాంబా అన్నది."

తారీఖు వేశాను. "ఊఁ, చెప్పండి," అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశారు, గోడ వైపు చూశారు, మళ్ళీ నా వైపు చూశారు. పెదాలు రెండుసార్లు కదిలాయి. భాగ్యవతమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వినడానికి సిద్ధంగా ఉంది.

"మీతో చెప్పేది కాదది," అన్నారాయన చివరికి, ఎంతో మర్యాదగా.

మూడు రోజులు వరసగా వెళ్ళి కూర్చున్నాను. కాగితం మీద తారీఖు మాత్రం ప్రతిరోజూ మార్చాను.