ఖాళీ పడకల లెక్కకు సవరణ

రెండో విడత కరోనా రాయపూర్‌ని పట్టుకున్న ఆ ఏప్రిల్‌లో నేను గుఢియారీలో ఒక హెల్ప్‌లైన్‌కి పని చేశాను. రైలు పట్టాలకు దగ్గరలో, ఒక గ్రిల్ తలుపుల దుకాణం మీద రెండు గదులు. దుకాణం మూసి ఉండేది. మాది పెద్ద సంస్థ ఏమీ కాదు. తెలుగు కుటుంబాల వాళ్ళం కొంతమంది, మా హిందీ స్నేహితులు కొంతమంది కలిసి మొదలుపెట్టాం. నగరంలోని ఆసుపత్రుల్లో ఆక్సిజన్ పడకలు ఎన్ని ఖాళీగా ఉన్నాయో ఒక డాష్‌బోర్డులో పెట్టేవాళ్ళం. ఫోన్లో ఆ పేజీ తెరిస్తే ఆసుపత్రి పేరు, దాని పక్కన ఒక అంకె కనిపిస్తాయి. అంబులెన్సు డ్రైవర్లూ, బీర్‌గావ్, సిల్తారా ఫ్యాక్టరీల కార్మికులూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళూ దాన్నే చూసుకుని బయలుదేరేవాళ్ళు.

అంతకుముందు సంవత్సరం ఇదే జబ్బుతో నా భార్య పోయింది. నేను అక్కడికి వెళ్ళడానికి అదొక్కటే కారణమని చెప్పలేను. ఇంట్లో పుస్తకాలున్నాయి, చదవడం అవుతూనే ఉంది. అయితే పేజీ పూర్తయ్యాక ఏం చదివానో గుర్తుండేది కాదు. ఫోన్ మోగితే ఎవరికో ఒక సమాధానం చెప్పాలి. ఆ పని చేయగలిగేవాణ్ణి.

హెల్ప్‌లైన్‌ను నడిపించేది ఒక అక్క. రైల్వేలో పనిచేసి రిటైరైంది, చాలాకాలం స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్లు చదివింది. పుట్టిపెరిగింది ఇక్కడి రైల్వే కాలనీలోనే అయినా ఇంట్లో వాళ్ళమ్మ మాట్లాడిన విజయనగరం తెలుగే మాట్లాడేది. డాష్‌బోర్డు తయారుచేసింది సిల్తారాలో ఒక ఉక్కు కర్మాగారం కంప్యూటర్ విభాగంలో పనిచేసే ఇంజనీరు. అతని తల్లిదండ్రులది కరీంనగర్ వైపు. నన్ను అన్నా అనేవాడు.

పని పద్ధతి ఇది. ప్రతి ఆసుపత్రికీ ఇంటర్నెట్‌లో ఒక పట్టిక ఇచ్చాం. అందులో రెండు గడులు: మొత్తం పడకలు, నిండిన పడకలు. మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి మిగిలినది మా డాష్‌బోర్డు చూపిస్తుంది. మొదట్లో ప్రతిసారీ మాలో ఒకరు ఆ అంకెలు చూసి, అనుమానం వస్తే ఫోన్ చేసి, ఆ తర్వాతే బయటపెట్టేవాళ్ళం. తర్వాత మా వాళ్ళే ఒక్కొక్కరూ జబ్బుపడ్డారు. చూసేవాళ్ళు లేక, గంటగంటకీ దానంతటదే అంకెలు మార్చుకుని ప్రచురించేలా ఇంజనీరు ఏర్పాటు చేశాడు. అందరం ఒప్పుకునే చేశాం.

ఒక ఉదయం మూడు ఆసుపత్రుల పక్కన పెద్ద పెద్ద అంకెలు కనిపించాయి. వారం రోజులుగా సున్నా దాటని చోట్లు అవి. అక్క ముందు సంతోషించింది. తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఇన్ని బెడ్లు ఒక్కసారే ఎలా ఖాళీ అయిపోతాయి బాబూ? అందరూ ఇంటికెళ్ళిపోయారా?"

"నాక్కూడ డౌట్ వచ్చింది అక్కా. పొద్దుగాల్నే ఒకదానికి ఫోన్ గొట్టిన. ఆక్సిజన్ వాలా ఖాలీ హై క్యా అని అడిగిన. హా, ఖాలీ హై, అభీ నహీ భరా అన్నడు," అన్నాడు ఇంజనీరు.

అక్క ఏదో అనబోతుండగా ఫోన్ మోగింది. నేను తీశాను. బీర్‌గావ్ నుంచి వచ్చిన మనిషి. అన్నదమ్ములిద్దరూ ఉర్లాలో ఒక రోలింగ్ మిల్లులో పనిచేస్తారట. అన్నని అంబులెన్సులో ఎక్కించుకుని, మా పేజీలో చూసిన ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏటండీ ఇది? మీ దాంట్లో ఇరవై రెండు ఖాళీ అని ఉందా, లేదా? ఇక్కడ ఒక్కటీ లేదంటన్నారు. వాచ్‌మన్‌కి ఫోన్ చూపిస్తే, మొబైల్ మే హీ భర్తీ కర్‌దో, ఆ ఫోన్లోనే చేర్పించుకో అంటన్నాడు. మా అన్నయ్యకి ఊపిరి అందట్లేదండి."

ఉండమన్నాను. ఫోన్ అక్కకి ఇచ్చాను. ఆమె అతనితో మాట్లాడుతూనే ఇంకో ఫోన్లో ఆసుపత్రులకి కలపడం మొదలుపెట్టింది. అంబులెన్సులో సిలిండరు ఎంత ఉందో డ్రైవర్ని అడగమంది. సగం కంటే తక్కువట.

ఇంజనీరు ముందు ఆటో రిఫ్రెష్ ఆపాడు. ఆ తర్వాత పట్టిక తెరిచాడు. మూడు ఆసుపత్రులకూ 'నిండిన పడకలు' గడిలో ఏమీ లేదు. అక్కడి గుమస్తాలు జబ్బుపడ్డారో, తీరిక దొరకలేదో, ఆ పూట ఎవరూ నింపలేదు. ఏమీ రాయని గడిని ప్రోగ్రాం సున్నా అనుకుంది. మొత్తంలోంచి సున్నా తీసేస్తే మొత్తమే మిగులుతుంది. ఆసుపత్రిలో ఉన్న పడకలన్నీ ఖాళీ అని మేము ఊరంతటికీ చెప్పాం.

పొద్దున ఫోన్లో జరిగింది కూడా అప్పుడు అర్థమైంది. ఇంజనీరు అడిగింది పడకల గురించి. అవతలి గుమస్తా కంప్యూటర్ ముందు కూర్చుని గడి గురించి జవాబిచ్చాడు. ఖాళీయే, ఇంకా నింపలేదు అన్నాడు. పడకకీ గడికీ ఆ మాటలే సరిపోతాయి, హిందీలోనూ, తెలుగులోనూ. ఇద్దరూ నిజమే మాట్లాడుకున్నారు.

ఇంజనీరు ఆ మూడు గడులూ ఇంకోసారి చూశాడు. తర్వాత, "పేజీ మొత్తం తీసేస్త అన్నా," అన్నాడు.

తీసేయవద్దన్నాను. తీసేస్తే, ముందే చూసి బయలుదేరిన వాళ్ళకి ఆ అంకె తప్పని ఎలా తెలుస్తుంది? ఆ మూడింటి మీదా అడ్డంగా గీత కొట్టించి, పక్కన 'తప్పు, వెళ్ళకండి' అని పెట్టించాను. నేనూ అతనూ చెరో ఫోన్ తీసుకుని మూడు చోట్లకీ చేశాం. ఈసారి ఖాళీ అనే మాట వాడలేదు. ఇప్పుడు ఒక మనిషిని తీసుకొస్తే పడుకోబెడతారా అని అడిగాం. మూడు చోట్లా లేదన్నారు.

ఈలోగా అక్క పక్క ఊరు భిలాయిలో ఒక పడక సంపాదించింది. అంబులెన్సుని అటు మళ్ళించింది. మధ్యలో సిలిండరు మార్చుకోవడానికి ఒక చోటు కూడా చెప్పింది. ఫోన్ పెట్టేసి, నీళ్ళు తాగి, "ఇప్పుడు క్షమాపణ నోటు రాయాలి," అంది.

ఆమె చెబుతుంటే ఇంజనీరు టైపు చేశాడు. సాంకేతిక కారణాల వల్ల కొన్ని అంకెల్లో తేడా వచ్చింది. అసువిధా కే లియే ఖేద్ హై, అసౌకర్యానికి చింతిస్తున్నాం.

"అక్కా, ఇది ట్రైను లేటైతే చెప్పేది," అన్నాను.

"తెల్సు. నా జీవితమంతా అదే చదివేను. తప్పేటుంది అందులో?"

"అసౌకర్యం కాదు కదా ఇది."

"మరేమనమంటావు? ఉన్నదున్నట్టు రాస్తే రేపు మన పేజీ ఎవరు నమ్ముతారు? నమ్మకపోతే నిజంగా బెడ్డున్న చోటికి కూడా వెళ్ళరు. అది ఆలోచించేవా?"

ఆ మాట తీసిపారేయదగ్గది కాదు. కానీ నా భార్య పోయినప్పుడు నాకు చాలా సందేశాలు వచ్చాయి. తీరని లోటు, పూడ్చలేని వెలితి. రాసినవాళ్ళు మంచివాళ్ళే. ఒక్కరు మాత్రం, ఆమె ఆసుపత్రిలో చివరి పూట ఏం తిన్నదో రాశారు. అక్కడి నర్సు. నేను దాచుకున్నది ఆ ఒక్కటే. కొన్ని అంకెలు అంటే ఎవరికీ ఏమీ తెలియదని, ఏ ఆసుపత్రి, మేము ఏం చూపించాం, నిజం ఏమిటి, ఈ మూడూ ఉండాలని అన్నాను. అక్క నా మొహం చూసి, "సర్లే, నువ్వే రాయి," అంది.

రాశాను. ఈ ఉదయం మా డాష్‌బోర్డు మూడు ఆసుపత్రుల్లో ఆక్సిజన్ పడకలు ఖాళీగా ఉన్నాయని చూపించింది. అది తప్పు. తప్పు మాది, ఆసుపత్రులది కాదు. కింద ఒక్కో పేరు, దాని ఎదురుగా మేము చూపిన అంకె, ఫోన్ చేసి తెలుసుకున్న అంకె. మూడింటికీ సున్నా. ఆసుపత్రి నింపకుండా వదిలిన గడిని మా ప్రోగ్రాం సున్నాగా లెక్కించింది, ప్రచురించేముందు మనిషి ఎవరూ చూడలేదు. ఇకనుంచి గడిలో ఏమీ లేకపోతే అంకె రాదు, 'సమాచారం అందలేదు' అని వస్తుంది. ప్రతి అంకె పక్కనా అది ఎప్పుడు అందిందో ఉంటుంది, పాతబడితే తొలగిపోతుంది. అంకె ఒక్కసారిగా పెరిగితే, మాలో ఒకరు ఫోన్ చేసి నిర్ధారించుకునేదాకా బయటికి రాదు. ఈ మార్పులు పూర్తయ్యేదాకా ఆటో రిఫ్రెష్ ఆపేశాం. బయలుదేరే ముందు ఆసుపత్రికి ఒకసారి ఫోన్ చేయండి. మమ్మల్ని క్షమించండి.

"మనిషి చూడలేదని కూడ రాయాల్నా అన్నా?" అన్నాడు ఇంజనీరు.

"చూడలేదు కదా."

"నేనే అనుకుంటరు."

"మేము అనే ఉంది. చదువు."

అతను చదివి, హిందీలోకి మార్చి పేజీలో పెట్టాడు. తెలుగుది నేను బీర్‌గావ్ మిల్లుల గ్రూపులకి పంపాను.

మధ్యాహ్నం బీర్‌గావ్ మనిషి ఫోన్ చేశాడు. భిలాయి దారిలో కుమ్హారీ దాటాక అన్న పోయాడని చెప్పాడు. సిలిండరు మార్చారట. మార్చినా నిలవలేదు. అంబులెన్సు వెనక్కి తిప్పాలా, భిలాయికే వెళ్ళాలా అని డ్రైవరు అడుగుతున్నాడని, కాయితాలు ఎక్కడ ఇస్తారని అడిగాడు. అక్క చెప్పింది. చెప్పి ఫోన్ నాకిచ్చి పక్కగదిలోకి వెళ్ళింది.

 క్షమించమన్నాను.

"మీ నోటు చూసేనండి," అన్నాడతను. "మా మిల్లు గ్రూపులో ఇంకా పొద్దుటి ఫోటోయే తిరుగుతోంది. ఇరవై రెండు అని. మీ నోటు కింద ఒకడు పెట్టేడు, ఇదంతా బెడ్లు పెద్దోళ్ళకి దాచడానికి ఆడతన్న నాటకం అని. ఇద్దరు బండి మాట్లాడుకుంటన్నారు, అక్కడికే."

పేజీ మీద గీత కొట్టగలిగాం. జనం ఉదయమే ఫోటో తీసి పంపుకున్నదాని మీద కొట్టలేం. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

"మా అన్నయ్య సంగతి రాయండి అందులో," అన్నాడు. "అప్పుడు నమ్ముతారు."

అక్క తిరిగొచ్చింది. సంగతి చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది. "మన అంకె వల్లే పోయేడని ఎలా రాస్తావు? అక్కడ బెడ్డు దొరికినా ఏమయ్యేదో ఎవరికి తెల్సు?"

అది నిజం. మా వల్లే అని రాస్తే తెలియనిది రాసినట్టు. మా వల్ల కాదన్నా అంతే. జరిగినవి జరిగిన వరసలో రాశాను. ఫోన్ అవతల అతను ఉన్నాడు, చదివి వినిపించాను.

"మేము చూపిన అంకె నమ్మి బీర్‌గావ్ నుంచి ఒక రోగిని పై జాబితాలోని మొదటి ఆసుపత్రికి తీసుకువచ్చారు. అక్కడ పడక లేదు. భిలాయికి తీసుకువెళ్తుండగా దారిలో ఆయన చనిపోయారు."

"రోగి అనకండి," అన్నాడు. "మిల్లులో పన్జేసేవాడని రాయండి. రోగి అంటే ఎవరో అనుకుంటారు."

రోగి తీసేసి, రోలింగ్ మిల్లు కార్మికుడు అని రాశాను. మళ్ళీ చదివాను.

వెనక నుంచి డ్రైవరు ఏదో అడుగుతున్నాడు. అతను ఫోన్ కొంచెం దూరం పెట్టి ఆగమన్నాడు. తర్వాత, "పంపీండి," అన్నాడు. "ఫోటో పెట్టినోడి నంబరు నా దగ్గరుంది. వాడికి నేనే పంపుతాను."