చుట్టాలు లేని చోటు

పాపకి రెండో ఏడు నడుస్తున్నప్పటి సంగతి. ఘాట్ రోడ్డు ఎక్కితే చాలు, వాంతి చేసుకునేది. అందుకే ఆ సెలవుకి నేను ముందు ఆగే చోట్లు ఎంచుకుని, తర్వాతే దారి చూసుకున్నాను. కోయంబత్తూరు నుంచి పళని, అక్కడినుంచి బోడినాయకనూరు, మర్నాడు పొద్దున్నే బోడిమెట్టు కొండ ఎక్కి సాయంత్రం వరకూ అక్కడే. వచ్చిన దారినే వెనక్కి. మున్నార్ లేదు.

"అంత దూరం పోయి మున్నార్ చూడకుండా వచ్చేదా? మా అన్న ఒక్క రోజులో అంతా చుట్టేసి వచ్చినాడు" అన్నారు మా ఆయన.

"ఏం చూసినాడట? కారు మీటరా?" అంది అత్త.

అత్త నా పక్షమే అనుకున్నాను. పాప పుట్టాక నేను ఒక్క చోట ఊరికే కూర్చున్నది లేదు. ఆ కొండ మీది ఒక్క పగలు నాకు దక్కితే చాలు.

కానీ పళనిలో దర్శనం కాగానే అత్త చిన్నమనూరులోని చెల్లెలికి ఫోన్ చేసింది. "సొందం ఇల్లు, చుట్టాల ఇల్లు, దాటి పోతే మర్యాదా?" అంది. ఒక ఇంటికి పోతే పక్కింటివాళ్ళకి కోపం. మూడిళ్ళలో కాపీ, ముఱుక్కు, రెండు చోట్ల భోజనం. పాప చేతులు మారుతూ, ద్రాక్షపళ్ళు తింటూ, ఏడుస్తూ ఉంది. చీకటి పడ్డాక బోడి చేరాం. పొద్దున ఆలస్యంగా లేచాం.

"సగం పొద్దు పోయింది. మెట్టు దగ్గర ఆగొద్దు. నేరుగా మున్నార్ పోయి, మరయూరు మీదుగా దిగిపోదాం. ఆ అడవి దారిలో చిన్నారు చెక్‌పోస్టు సాయంత్రం మూసేస్తారు" అన్నారు ఆయన. పాపని ఎత్తుకుని కారెక్కాను.

సగం కొండలో పాప నా చీర మీదే కక్కింది. మలుపులో ఆపడానికి లేదు. మెట్టు పైన, రోడ్డు వెడల్పయిన చోట, టీ కొట్టు పక్కన ఆపారు. పాపని కడిగి కింద దించాను. కింద లోయంతా పొగమంచు. పాప గాలికి నోరు తెరిచి నవ్వింది. తర్వాత గులకరాళ్ళు ఏరి నాయనమ్మ ఒడిలో వేయడం మొదలుపెట్టింది.

అత్త చుట్టూ చూసింది. "ఇక్కడ మన సొందం ఎవరన్నా ఉన్నారామ్మా?"

"లేరత్తా. కోతులే."

"అబ్బ. నిన్న కాళ్ళు చాపుకోనే లేదు. ఇక్కడే ఉందాం."

"అమ్మా, ఇప్పుడు కదలకపోతే గేటు మూసేస్తారు!"

"మూయనీరా. మనం వచ్చిన దారి ఎవరు మూస్తారు?"

ఆయన కాసేపు కారు చుట్టూ తిరిగారు. తర్వాత డిక్కీలోంచి చాప తీసి పరిచి, టీ చెప్పడానికి వెళ్ళారు.

నేను పిట్టగోడకి ఆనుకుని కూర్చున్నాను. పాప గౌను అంచు మాత్రం వదల్లేదు. కింద లోయ ఉంది కదా. అత్త అది చూసి పాపని లాక్కుని తన కొంగు పాప నడుముకి ముడేసింది.

"ఇప్పుడు వదులు, కన్నూ" అంది, పాపతో కాదు, నాతో.