పెట్టెలో ఒకటే జవాబు

ఇస్మాయిల్ సార్ ట్యూషన్ గది మెట్లెక్కి దిగినవాడు పరీక్ష తప్పితే తెనాలి మూడు కాలవల్లోనూ నీళ్ళు ఎదురెక్కుతాయని ఇంజనీరింగు పిల్లల్లో ఒక మాట ఉండేది. ఇలాంటి మాటలు ఎవరు పుట్టిస్తారో ఎవరికీ తెలీదు. పుట్టాక వాటికి నీళ్ళు పోసి పెంచినవాడు మాత్రం ఇస్మాయిలే. ఒకసారి కొల్లూరు లంక నుంచి వచ్చిన కుర్రాడొకడు తొమ్మిది సబ్జెక్టులు తప్పి అరటి గెలలు మోసుకుంటుంటే, తను వాణ్ణి పట్టుకొచ్చి ఒక్క వేసవిలో అన్నీ గట్టెక్కించానని చెప్పేవాడు. ఏడాది తిరిగేసరికి ఆయన నోట్లో ఆ తొమ్మిది పద్నాలుగయ్యాయి. మరో ఏడాదికి కుర్రాడితోపాటు గెల కూడా పాసయ్యేలా ఉంది.

ఆయన వాళ్ళమ్మ నాగూర్‌బీ వాకిట్లో మంచం మీద కూర్చుని ఇవన్నీ వింటూ ఉండేది. "సంచిలో ఏం పెట్టాలో లోకానికంతా చెబుతావు. బజారుకెళ్తే కొత్తిమీర మర్చిపోయొస్తావు" అనేది.

మోయగలిగే బరువు దాటకుండా ఏవి పెడితే ఎక్కువ విలువో తేల్చే సంచి లెక్క, అల్గారిథమ్స్ పేపర్లో ఆయన బ్రహ్మాస్త్రం. ఎం.సి.ఏ. చదివి బాపట్ల వైపు ఒక కాలేజీలో చాలాకాలం పాఠం చెప్పాడు. ఆ కోర్సుకి పిల్లలు రాక మూసేస్తే, తెనాలి తిరిగొచ్చి టైలరు కొట్టు మీద గది తీసుకున్నాడు. తప్పిన సబ్జెక్టులే ఆయన పంట. ఆ గది గోడ మీద నీలం పెయింటుతో పెద్దక్షరాల్లో రాసి ఉండేది: ఒకటే జవాబు. పెట్టె కట్టు. మిగతాది దిద్దేవాడి ఖర్మ.

"కట్టలు కట్టలు దిద్దే మనిషిరా ఆయన. నీ కవిత్వం చదవడు. ఆఖరి లైను చుట్టూ గీతలు గీసి పెట్టె కట్టు. ఆయన కన్ను దాని మీదే పడాలి" అనేవాడు.

రేపల్లె నుంచి ప్యాసింజర్ బండిలో వచ్చేది స్నేహలత. వాళ్ళ నాన్న బర్నబాస్ నిజాంపట్నం హార్బరులో బోట్లకి ఐసు ఎక్కించేవాడు. అన్నీ పాసైన పిల్ల, అల్గారిథమ్స్ ఒక్కటే తప్పింది. హైదరాబాదులో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తామంది, ఈ సప్లిమెంటరీలో పాసైతేనే. తప్పితే ఆ సీటు వరసలో తర్వాతి వాళ్ళకి పోతుంది.

మెతకగా కనిపించే పిల్లే గానీ లెక్కలో గడి గడికీ ఆగి అడిగేది. ఒకనాడు ఆయన బోర్డు మీద సంచి లెక్క గడులు నింపుతుండగా చెయ్యెత్తింది.

"సార్, పెడితే వచ్చిందీ పై గడిలో ఉన్నదీ సమానం కదండీ. అంటే ఈ వస్తువు పెట్టినా అంతే, పెట్టకపోయినా అంతే. రెండు జవాబులున్నట్టు కాదా?"

"ఉన్నట్టే."

"మరి రెండూ రాయనా?"

"అమ్మా తల్లీ, హోటల్లో ఇడ్లీ అడిగితే ఇడ్లీ తెస్తారు. దోసె కూడా ఉంది చూడండని ఇంకో పళ్ళెం తెస్తారా? రెండు రాస్తే ఏది ఒప్పో తెలీక రాసిందనుకుంటాడు. సమానం వస్తే పెట్టలేదనుకో, పైకెళ్ళిపో. ఒకటే జవాబు, పెట్టె కట్టు."

గదంతా నవ్వింది. స్నేహలత కూడా నవ్వి, చెప్పినట్టే రాసుకుంది.

పరీక్ష రోజు మధ్యాహ్నం ఇస్మాయిల్ అన్నం ముందు కూర్చోగానే ఫోను మోగింది. హాలు బయటికొస్తూనే స్నేహలత ప్రశ్నపత్రం ఫోటో తీసి పంపింది. బొటనవేలి నీడ సరిగ్గా లెక్క మీదే పడింది. ఆయన వెంటనే ఫోన్ చేశాడు.

"మూడో వస్తువు బరువు మూడా, ఎనిమిదా? నీ వేలు దాని మీద నిద్రపోతోంది."

"మూడే సార్."

"సరే ఉండు."

సంచి అయిదు కిలోలే మోస్తుంది. వస్తువులు నాలుగు. బరువులు వరసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు. విలువలు మూడు, నాలుగు, ఆరు, ఏడు. ఏవి పెడితే సంచి విలువ ఎక్కువవుతుంది? ఇస్మాయిల్ ఎడమచేత్తో కాగితం లాక్కుని గడులు గీశాడు. అడ్డంగా సున్నా నుంచి అయిదు కిలోలు, నిలువుగా వస్తువులు. పైన ఒక వరస అన్నీ సున్నాలు, ఏ వస్తువూ లేనప్పటి సంచి. ఆ తర్వాత ప్రతి గడికీ ఒకటే ప్రశ్న: ఈ వస్తువు వదిలేస్తే పై గడిలో ఉన్నదే దిగుతుంది. పెడితే, దాని విలువకి, మిగిలిన బరువు దగ్గర పై వరసలో ఎంతుందో అది కలుస్తుంది. రెండిట్లో పెద్దది రాయాలి.

మొదటి వస్తువు వరస: 0, 3, 3, 3, 3, 3.
రెండోది: 0, 3, 4, 7, 7, 7.
మూడోది: 0, 3, 4, 7, 9, 10.

నాలుగో వస్తువు నాలుగు కిలోలు. నాలుగో గడిలో దాన్ని పెడితే ఏడు, పైన తొమ్మిదుంది, తొమ్మిదే దిగింది. అయిదో గడిలో పెడితే ఏడు, మిగిలిన ఒక కిలోకి పై వరసలో మూడు, మొత్తం పది. పైనా పదే ఉంది. వరస అదే: 0, 3, 4, 7, 9, 10. చివరి గడి పది.

ఇక వెనక్కి నడవాలి. చివరి గడి పది, పైనా పది. నాలుగోది పెట్టలేదు. మూడో వరసలో పది, దాని పైన ఏడు. మారింది కాబట్టి మూడోది పెట్టారు, రెండు కిలోలు మిగిలాయి. రెండో వరసలో రెండు కిలోల దగ్గర నాలుగు, దాని పైన మూడు. రెండోదీ పెట్టారు. సంచి నిండింది. పెట్టినదానికి ఒకటి, పెట్టనిదానికి సున్నా వేస్తే: (0,1,1,0).

"ఏం రాశావు?"

"సున్నా, ఒకటి, ఒకటి, సున్నా. పది సార్."

"పెట్టె కట్టావా?"

"కట్టానండి." ఇంకా ఏదో చెప్పబోయింది. "సార్..."

"ఇంకేం సార్? హైదరాబాదు బండికి టికెట్టు చూసుకో!"

ఫోన్ పెట్టేశాడు. ఆ సాయంత్రం వీధిలో అందరికీ ఆ కథ చెప్పాడు. అన్నం చల్లారక ముందే లెక్క తేల్చానన్నాడు. వారం తిరిగేసరికి, మొదటి ముద్ద నోట్లోకి వెళ్ళేలోపే తేల్చినట్టయింది.

ఫలితాలొచ్చాయి. స్నేహలత మూడు మార్కులకి తప్పింది.

కాలవలు మాత్రం ఎప్పట్లాగే కిందికే పారాయి.

కంపెనీ వాళ్ళు నెలాఖరు దాకా ఆగుతామన్నారు. స్నేహలత రుసుము కట్టి, దిద్దిన జవాబుపత్రం తెప్పించుకుని, పేజీలు ఫోటోలు తీసి పంపింది. గడులన్నిటికీ ఎర్ర టిక్కు ఉంది, ఆరు మార్కులు. పెట్టె మీద అడ్డంగా ఒక గీత. ఏవి పెట్టాలో చెప్పినందుకు నాలుగు మార్కులుండాలి, సున్నా వేశారు.

ఇస్మాయిల్ ఆ ఫోన్ పట్టుకుని బాపట్ల వెళ్ళాడు. అక్కడ తను పనిచేసిన కాలేజీలోనే రవిశంకర్ ఇప్పుడు శాఖాధిపతి. యూనివర్సిటీ వాళ్ళ దిద్దుబాటుకి ప్రతిసారీ పిలుపొచ్చే మనిషి. టీ తెప్పించాడు, పెద్దవాళ్ళన్న గౌరవం చూపించాడు. దిద్దేవాళ్ళకిచ్చే జవాబుల కీ తెరిచి చూపించాడు. అందులో (1,0,0,1) అని ఉంది.

ఇస్మాయిల్ ఒక తెల్ల కాగితం తీసుకుని మళ్ళీ గడులన్నీ నింపాడు. "ఇదిగో, చివరి గడి. పెట్టినా పదే, పెట్టకపోయినా పదే. కీ రాసినాయన ఇక్కడ నాలుగోది పెట్టాడు. ఒక కిలో మిగిలితే పైకి నడిచి మొదటిదానికి చేరాడు. మూడూ ఏడూ పది. మా పిల్ల పెట్టలేదు. నాలుగూ ఆరూ పది. రెండూ అయిదు కిలోలే. ఏది తప్పు?"

"ఏదీ తప్పు కాదండి" అన్నాడు రవిశంకర్. "కానీ దిద్దినాయన కళ్ళతో చూడండి. కీలో ఒకటి ఉన్నచోటల్లా అమ్మాయి సున్నా, సున్నా ఉన్నచోటల్లా ఒకటి. నాలుగూ తారుమారు. పూర్తిగా తప్పనుకున్నాడు."

"అయితే దిద్దించండి."

"రీవాల్యుయేషన్ పెట్టించండి సార్. కానీ రెండోసారి దిద్దే ఆయన చేతిలోనూ ఈ కీనే ఉంటుంది. కీ మార్చాలంటే అందరి పేపర్లూ మళ్ళీ దిద్దాలి. ఆ మాట పైన ఎవరూ ఎత్తరు, నేనూ ఎత్తలేను." టీ గ్లాసు కింద పెట్టాడు. "నాకో సందేహమండి. గడులు ఇంత శుభ్రంగా నింపిన పిల్లకి సమానం వచ్చిందని కనపడకుండా ఉండదు. 'ఇంకో జవాబూ ఉంది' అని ఒక్క ముక్క రాసుంటే దిద్దినాయన చెయ్యి ఆగేది. ఎందుకు రాయలేదంటారు?"

ఇస్మాయిల్ టీ సగంలో వదిలేసి లేచాడు.

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని ఆ ఫోటో మళ్ళీ తెరిచాడు. పెట్టె కింద ఏదో మరక ఉంది. మొదటిసారి చూసినప్పుడు అది కూడా పిల్ల వేలి నీడే అనుకున్నాడు. రెండు వేళ్ళతో పెద్దది చేశాడు. నీడ కాదు, కొట్టివేత. గీతల కింద నుంచి అంకెలు కనిపిస్తున్నాయి: (1,0, ...

అక్కడిదాకా రాసి కొట్టేసింది. కొట్టేసినదాన్ని దిద్దేవాడు చదవడు. అదీ తను చెప్పిన పాఠమే.

తెనాలిలో దిగి స్టేషన్లోనే ఆమెకి ఫోన్ చేశాడు.

"రాయబోయావు."

"అవునండి."

"ఎందుకు కొట్టేశావమ్మా?"

"మీ ఇడ్లీ గుర్తొచ్చింది సార్" అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే ఆయనకి ఆ రాత్రి నిద్రపట్టేదేమో. "ఆ రోజే ఫోన్లో చెబుదామనుకున్నానండి. టికెట్టు చూసుకోమన్నారు."

రీవాల్యుయేషన్ జవాబు నెలాఖరు దాటాక వచ్చింది: మార్పు లేదు. అప్పటికే కంపెనీ సీటు ఇంకెవరికో పోయింది. బర్నబాస్ ఒకరోజు ఐసు నీళ్ళ చెప్పులతోనే గదికొచ్చాడు. "మా పిల్లది తప్పు కాదని మీరు ఒక కాగితమ్మీద రాసివ్వండి సార్. ఎవరికీ చూపించను. ఇంట్లో ఉంచుకుంటాను" అన్నాడు. ఇస్మాయిల్ రాసిచ్చాడు. రెండు జవాబులూ రాశాడు, రెంటికీ పెట్టెలు కట్టాడు. జీవితంలో ఎందుకూ పనికిరాని కాగితం అంత శ్రద్ధగా ఆయన ఇంకెప్పుడూ రాయలేదు.

తర్వాతిసారి స్నేహలత పాసైంది. ఆ పేపర్లో సంచి లెక్క రాలేదు. రేపల్లెలో ఒక జిరాక్సు కొట్లో చేరింది.

కొత్త పిల్లలొచ్చే ముందు ఇస్మాయిల్ గోడ మీద నీలం అక్షరాలకి సున్నం కొట్టించాడు. కొల్లూరు కుర్రాడి కథ మానేశాడు. "ఎందుకురా, వాడూ తప్పాడా?" అంది నాగూర్‌బీ. ఆయన సంచి తీసుకుని బజారుకెళ్ళిపోయాడు.

మొదటి రోజే బోర్డు మీద అదే లెక్క వేశాడు. చివరి గడి దగ్గర ఆగి చెప్పాడు: "ఇక్కడ సమానం. రెండు దారులూ నడవండి. రెండు జవాబులూ రాయండి."

ముందు బెంచీలో హర్షిణి అనే పిల్ల పెన్ను ఎత్తింది గానీ రాయలేదు.

"రెండు రాస్తే తెలీక రాసిందనుకుంటారంట కదండీ? బాపట్లలో మా సీనియర్లందరూ ఒకటే రాయమంటారు. ఇడ్లీ అడిగితే దోసె కూడా తేకూడదంట సార్."

గదంతా నవ్వింది. ఇస్మాయిల్ సుద్ద పట్టుకుని, ఆ రెండు పదుల ముందే నిలబడిపోయాడు. వెనక గోడ మీద, ఒక పూత సున్నం కింద నుంచి, నీలం అప్పుడే మళ్ళీ పైకి తేలుతోంది.