దాలమ్మ దాచిన ఒరిజినల్స్

చేపలమ్మే దాలమ్మకి ఎవరిమీదా నమ్మకం లేదు. రేవులో మొప్ప ఎత్తి ఎరుపు చూసి, బొటనవేలితో పొట్ట నొక్కి గానీ చేప కొనదు. ముట్టుకోనివ్వని సరుకు ఎంత చవకైనా ఆమెకి అక్కర్లేదు. శ్రీకాకుళం బస్టాండు ఎదురుగా నెట్ సెంటరు పెట్టుకున్న నన్ను మాత్రం కాస్త నమ్ముతుందని అనుకునేవాణ్ణి. 2016లో ఆ భ్రమా తీరింది.

ఆమె కూతురు తులసి బీఎస్సీ కెమిస్ట్రీ పాసై, రణస్థలం దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం తెచ్చుకుంది. చేరడానికి నాలుగు రోజుల ముందు కంపెనీ నుంచి స్వాగతం చెబుతూ మెయిలొచ్చింది. నా దగ్గరే ప్రింటు తీసి, ఇద్దరికీ తెలుగులో చదివి చెప్పాను.

సోమవారం ఎనిమిదిన్నరకి రెండో గేటు దగ్గరకి రావాలి, పాదాలు పూర్తిగా మూసే బూట్లు వేసుకోవాలి, భోజనం క్యాంటీన్లోనే. ఐడీ కార్డు చేతికొచ్చాక కంపెనీ బస్సు ఎక్కొచ్చు. మొదటి రోజు కాగితాల పరిశీలన, పరిచయాలు. తర్వాత రెండు రోజులు భద్రత పాఠాలు. గురు, శుక్రవారాలు సీనియర్ పక్కన కూర్చుని పని చూడటం. శనివారం చిన్న పరీక్ష. ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్కు, ఫోటోలు, డాక్టరు సర్టిఫికెట్టు తేవాలి. టెన్త్ నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్స్, వాటి జిరాక్సులు తేవాలి. ఒరిజినల్స్ చూసి అదే రోజు తిరిగిచ్చేస్తారు. అవి లేకపోతే చేరిక వచ్చే నెల బ్యాచికి వాయిదా.

దాలమ్మ ముఖం మాడిపోయింది. "అసలు కాయితాలేటికి బాబూ ఆళ్ళకి?"

"చూసి ఇచ్చేస్తామని రాశారు కదా."

"మా ఎర్రన్నకీ అలాగే సెప్పినాడు."

ఆమె కొడుకు ఎర్రన్నకి ఓడలో ఉద్యోగమని చెప్పి రెండేళ్ళ క్రితం ఒక ఏజెంటు ఒరిజినల్స్ పట్టుకుపోయాడు. మనిషి మళ్ళీ కనపడలేదు. ఎర్రన్న ఇప్పటికీ పరాయివాళ్ళ బోటు మీదే వేటకెళ్తాడు.

మెయిల్లో ఉన్న నంబరుకి దాలమ్మ నాచేత ఫోన్ చేయించింది. హెచ్ఆర్ లో పనిచేసే ఝాన్సీలక్ష్మి ఎంతో మర్యాదగా, అన్నీ నిజమేనంది. ఫోన్ పెట్టగానే దాలమ్మ, "ఆడగొంతుతో మాటాడించడం పెద్ద పనేటి?" అంది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా!

శనివారం ఒక్కతే వచ్చి సర్టిఫికెట్లన్నీ రంగు జిరాక్సు తీయమంది. ఇంట్లో దాచుకోడానికి కాబోలనుకుని తీసిచ్చాను. సోమవారం పొద్దున్నే మళ్ళీ దిగబడింది. "మెయిలు సదివినోడివి నువ్వే. నువ్వూ రా. తేడా వస్తే నీ గుమ్మంలోనే కూకుంటాను." తిట్టుకుంటూ షట్టరు దించాను.

తులసి ముందు బస్సులో వెళ్ళిపోయింది. మేము తర్వాతి బస్సులో వెళ్ళి గేటుకెదురుగా టీ బడ్డీ దగ్గర కూర్చున్నాం. దాలమ్మ ఒళ్ళోని సంచి వదల్లేదు. నాకప్పుడు వెలిగింది. తులసి పట్టుకెళ్ళిన ఫైల్లో ఉన్నవి రంగు జిరాక్సులు, సంచిలో ఉన్నవి అసలువి. ఈ సంగతి తులసికి తెలీదు!

"ముందు ఉత్తవి సూపించి, ఆళ్ళేటి సేస్తారో సూద్దారని," అంది తాపీగా.

తొమ్మిదిన్నరకి తులసి గేటు దగ్గరకొచ్చింది. మొహమంతా కన్నీళ్ళు. వెనకే ఫైలు పట్టుకుని నలభై ఏళ్ళ ఆవిడ, మెడలో కార్డు మీద ఝాన్సీలక్ష్మి అని ఉంది. మమ్మల్ని చూసి తులసి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, ఇవి దొంగ సర్టిఫికెట్లా అని అడుగుతన్నారే! నేనేటి సెప్పాలి?"

అందరినీ అనుమానించే మనిషి, తన కూతుర్నే ఒకరు అనుమానిస్తారని కలలో కూడా అనుకోలేదు. రంగు జిరాక్సు తీసిన నాకూ సిగ్గేసింది. దాలమ్మ సంచిలోంచి అసలు కాగితాలు తీసి ఝాన్సీలక్ష్మి ముందు పెట్టి, "తప్పు నాది తల్లీ. పిల్లకి ఏటీ తెలీదు," అంది. ఎర్రన్న సంగతి నేను చెప్పాను.

ఝాన్సీలక్ష్మి ఇంకేమీ అడగలేదు. దాలమ్మని గేటు పక్క సెక్యూరిటీ గదిలో కూర్చోబెట్టి, ఆమె కళ్ళముందే పని మొదలుపెట్టింది. ఒక్కో కాగితాన్నీ వెలుతురుకెత్తి చూసింది, సీలు మీద వేలు పెట్టి తడిమింది, జిరాక్సుతో నంబరు సరిపోల్చి సంతకం చేసింది. దాలమ్మ రెప్ప వేయలేదు. తనలాగే మొప్ప ఎత్తి చూసే మనిషిని గుర్తుపట్టినట్టుంది.

చివరి కాగితం కూడా అయ్యాక ఒరిజినల్స్ అన్నీ దాలమ్మ చేతిలోనే పెట్టి, "సరిచూసుకోండమ్మా," అంది ఝాన్సీలక్ష్మి. తులసి కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళింది.

దాలమ్మ లెక్కపెట్టలేదు. కాగితాలు గుండెకి హత్తుకుని గోడ గడియారం వైపు చూసింది.

"ఎంతసేపయింది తల్లీ?"

"పది నిమిషాలు."

"పదే నిమిషాల పని," అంది దాలమ్మ. "మా ఎర్రన్నవి సూడ్డానికి ఆ ఏజెంటుగాడికి రెండేళ్ళు సాలలేదు."