గంటకు ఇరవై ఐదు

గద్వాల చీరల అంచులకు, కొంగులకు కంప్యూటర్ మీద నేత డిజైన్ల గ్రాఫు గీయడం నాకు నేర్పింది, మా ఊళ్ళో అదే పని చేసే భాయ్. చేయి పట్టుకుని నేర్పాడు, పైసా తీసుకోలేదు. అలాంటి మనిషికి నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సొంతంగా కంప్యూటర్ పెట్టుకున్న రోజునే రేటు కట్టుకున్నాను. ఏడాదికి అరవై వేలు మిగలాలి. మూడు వందల రోజులు, రోజుకు ఎనిమిది గంటలు. భాగిస్తే గంటకు ఇరవై ఐదు రూపాయలు వచ్చింది. అదే పనికి భాయ్ గంటకు డెబ్బై తీసుకునేవాడు. నాకు ఒళ్ళు మండింది. హోటల్లో చాయ్ తాగుతూ, మగ్గాలు నడిపించే సేట్లందరూ వినేలా అరిచాను.

"డెబ్బై ఏందన్నా? దోచుకుంటుండు భాయ్!"

నా నోరు పడిపోను! నెలలోపే సేట్లందరూ నా దగ్గరికి వచ్చేశారు. భాయ్ కంప్యూటర్ అమ్మేసి, వనపర్తిలో జిరాక్స్ షాపులో జీతానికి కుదిరాడు.

ఏడాది తిరిగేసరికి నా చేతిలో మిగిలింది ఆరు వేలు. తీరిక లేకుండా చేశాను, డబ్బు ఎటుపోయిందో అర్థం కాలేదు. అడగడానికి ఇంకెవరున్నారు? సిగ్గు విడిచి బస్సెక్కి వనపర్తి వెళ్ళాను.

భాయ్ స్టూలు జరిపి కూర్చోమన్నాడు. మిగిలింది ఆరు వేలేనని చెబితే, పాడైన జిరాక్స్ కాగితం ఒకటి వెనక వైపుకు తిప్పాడు.

"కంప్యూటర్ కిస్తు, కిరాయి, కరెంటు, రిపేర్లు ఏడాదికి ఎంతైనయ్?"

"ఇరవై నాలుగు వేలు."

"గవి ఎవరియ్యాలె? అరవైకి కలుపు. ఎనభై నాలుగు. ఇగ దినాలు. ఆదివారాలు, పండుగలు, పెండ్లిళ్ళు, జొరాలు, మిషన్ ఖరాబైన దినాలు, పని రాని దినాలు తీసెయ్."

ఏడాదిలో అవన్నీ తీసేస్తే రెండు వందల నలభై రోజులు తేలాయి.

"దినానికి ఎనిమిది గంటలకూ పైసలొచ్చినయా?"

రాలేదు. సేటు పాత చీరలన్నీ పరిచి చూపిస్తుంటే కూర్చున్న గంటలకు ఎవరూ ఇవ్వరు. గ్రాఫు చూసి మగ్గం అట్టలకు రంధ్రాలు కొట్టేవాడి దగ్గరికి తిరిగినందుకు, కొంగులో పువ్వు నచ్చలేదంటే మళ్ళీ గీసినందుకు కూడా ఇవ్వరు. నిజంగా డబ్బులు పడేది రోజుకు ఐదు గంటలకే.

"అంటే ఏడాదికి పన్నెండు వందల గంటలు. ఎనభై నాలుగు వేలను భాగించు."

భాగించాను. డెబ్బై వచ్చింది. కాగితం మీద నుంచి తల ఎత్తలేకపోయాను. ఆయన దోచుకోలేదు, బతకడానికి ఎంత కావాలో అంతే అడిగాడు.

"ఇప్పుడు డెబ్బై అడుగు," అన్నాడు.

"ఇయ్యరు భాయ్. ఇరవై ఐదుకు నేనే అలవాటు చేసిన." కాగితం వైపే చూస్తూ అన్నాను. "నువ్వు దోచుకుంటున్నవని సేట్లకు చెప్పింది గూడ నేనే."

"తెల్సు," అన్నాడు, కాగితం మడుస్తూ. "ఆ దినం హోటల్ల నీ ఎనక బెంచీ మీదనే కూసున్న."

కాగితం నా చేతిలో పెట్టి, ఎవరో జిరాక్స్ కోసం వస్తే లేచి వెళ్ళాడు.