ప్రశ్నలో లేని పోరాటం

పేపర్ చేతికి వచ్చినప్పుడు అది నాది కాదనే అనుకున్నాను. తిప్పి చూస్తే చేతిరాత నాదే. పైన ఎర్ర సిరాతో పదిహేనుకు మూడు.

ఆ బ్యాచ్‌లో చరిత్ర పేపర్‌కు నాకు ఎప్పుడూ పదికి తగ్గలేదు. లోపల రెండు పేజీలకు అడ్డంగా ఒకే ఒక ఎర్ర గీత, పై మూల నుంచి కింది మూల దాకా. పక్కన ‘ప్రశ్న చదవండి’ అని రాసి ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణం మీద రెండో అంతస్తులో ఉండేది మా కోచింగ్ సెంటర్. గ్రూప్ వన్ మెయిన్స్‌కు తయారవుతున్నాం. ఢిల్లీ నుంచి తెలంగాణ ఇస్తామని ప్రకటన వచ్చి, మళ్లీ వెనక్కి పోయిన రోజులవి. వారంలో సగం బందులు. కిటికీ తెరిస్తే నినాదాలు, మూస్తే ఉక్కపోత. అల్మాస్‌గూడ నుంచి నేను వచ్చే బస్సు ఏ రోజు ఎక్కడ ఆగిపోతుందో తెలియదు. మా నాన్న పోచంపల్లి నుంచి వచ్చి ఇక్కడ చేనేత చీరల కొట్టు పెట్టుకున్నాడు. మా తాత తెలంగాణ సాయుధ పోరాటంలో దళానికి కబుర్లు మోసినవాడు. ఆ కథలు వింటూనే పెరిగాను.

చరిత్ర సార్ ఇచ్చిన ప్రశ్న ఇది: ‘వలస ప్రభుత్వ రెవెన్యూ విధానాలకు వ్యతిరేకంగా జరిగిన రైతు, గిరిజన తిరుగుబాట్ల కారణాలను, ఫలితాలను చర్చించండి.’ చదవగానే నా చెయ్యి ఆగలేదు. సంతాల్ తిరుగుబాటుకు నాలుగు లైన్లు, నీలిమందు రైతులకు మూడు, రంపకు రెండు. మిగిలిన రెండు పేజీలూ మా తెలంగాణ పోరాటమే: దొరలు, గడీలు, వెట్టి, దేశ్‌ముఖ్‌ల భూములు, సంఘం. రాస్తుంటే ఒళ్లు పులకరించింది. కొట్టేసింది ఆ రెండు పేజీలే.

నా పక్కన కూర్చునే అన్న పేపర్‌లోనూ అదే గీత. ఆయనది నల్లగొండ దిక్కు. ఎల్బీ నగర్‌లో కిరాయి గదిలో ఉండి చదువుకునేవాడు. నాకన్నా పెద్ద, నన్ను చెల్లె అనేవాడు. బ్యాచ్‌లో అందరికన్నా నెమ్మదస్తుడు. ఆ రోజు మొదట లేచింది ఆయనే.

“సార్, గిది ఎందుకు కొట్టేసిన్రు?”

సార్‌ది గుంటూరు వైపు. చరిత్ర ఆయన దగ్గర వినాలని వేరే సెంటర్ల పిల్లలు కూడా వచ్చి వెనక నిలబడేవాళ్లు. “కూర్చో బాబూ, చెప్తాను. ప్రశ్నలో ‘వలస ప్రభుత్వ’ అని ఉంది. మీరు రాసింది నిజాం ఇలాకాలో జరిగింది. అక్కడ జనాన్ని పిండింది జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌లు. కంపెనీ కలెక్టరు కాదు.”

“నిజాం బ్రిటిషోని కింద లేడా సార్?”

“ఉన్నాడు. మంచి ప్రశ్నే అడిగావు. కానీ శిస్తు ఎంతో తేల్చింది నిజాం సర్కారు. పోలిక కోసం రెండు వాక్యాలు రాస్తే నేనూ మార్కు వేసేవాణ్ణి. రెండు పేజీలు రాస్తే అసలు జవాబుకి చోటేదయ్యా? దానికి వేరే యూనిట్ ఉంది కదా, ఆంధ్రప్రదేశ్ చరిత్ర కింద.”

ఆ చివరి మాట ఆయన మామూలుగానే అన్నాడు. సిలబస్‌లో ఉన్నదే అన్నాడు. కానీ క్లాసులో తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి.

“ఏంది సార్? ఎవల కింద?” అన్నాడు అన్న. “మా పోరాటం ఆంధ్రప్రదేశ్ కిందనా?”

వెనక బెంచీలు ఒక్కసారిగా లేచాయి. ఎవరో డస్టర్ విసిరారు, అది బోర్డుకు తగిలి సార్ కాళ్ల దగ్గర పడింది. ఆయన దాన్ని చూస్తూ ఉండిపోయాడు. వంగి తీసి బల్ల మీద పెట్టాడు. 

అంతలో చూస్తే నా చేతిలో పేపర్ లేదు. ఎవరు లాక్కున్నారో కూడా చూడలేదు. మెట్లు దిగి కిందికి వచ్చేసరికి అది దుకాణం షట్టర్ మీద అంటించి ఉంది. నా పేరు, నా రాత, నా మూడు మార్కులు, ఆ ఎర్ర గీత. చుట్టూ జనం. వాళ్లలో మా బ్యాచ్ వాళ్లు పదిమంది కూడా లేరు. టీవీ మైకు ఒకటి నా ముఖం ముందుకు వచ్చింది.

“అక్కా, తెలంగాణ పోరాటం రాసినందుకే మీకు మార్కులు కట్ చేసిండంట గదా?”

“జర ఉండండి” అన్నాను. అంతే. సాయంత్రం వార్తల్లో ఆ మాట కూడా లేదు, నా బిక్కముఖం మాత్రం ఉంది. ఇంట్లో నాన్న నన్ను చూసి, టీవీని చూసి, “నువ్వేం చేసినవ్ బిడ్డా?” అన్నాడు. నేనేం చేశానో నాకూ తెలియదు.

మర్నాడు సెంటర్‌కు పోతే గోడ మీద చరిత్ర క్లాసు లేదని కాగితం. సెంటర్ ఓనరు మా వైపు మనిషే. “అద్దాలు పగిలితె ఎవలు కట్టాలె? సార్‌ను రావద్దన్న. ఊరికి పోతున్నడు” అన్నాడు, చాయ్ తాగుతూ. అంత తేలిగ్గా అన్నాడు.

నేను ఎల్బీ నగర్ చౌరస్తాకు పోయాను. విజయవాడ బస్సులన్నీ అక్కడే ఎక్కించుకుంటాయి. ఎందుకు పోయానంటే, ఆ మనిషి అట్లా వెళ్లిపోతే నేను బతికినంత కాలం ఆ షట్టర్ కిందే నిలబడి ఉంటాననిపించింది. రెండు సంచుల పుస్తకాలతో ఫుట్‌పాత్ మీద నిలబడి ఉన్నాడు సార్. నన్ను చూసి బెదిరినట్టు నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. అది చూసి నాకు ఏడుపు వచ్చింది.

“సార్, నేను అంటియ్యలేదు.”

“తెలుసమ్మా.” క్లాసులో ఉన్నట్టే అడిగాడు. “సంతాల్ గురించి నువ్వేం రాశావ్? పన్నులు ఎక్కువై తిరగబడ్డారని. అంతేనా?”

“అంతే సార్.”

“నీకు మూడే వచ్చింది అందుకు. ఎర్ర గీత కొట్టిన పేజీల వల్ల కాదు. అడవి కొట్టి సాగు చేసుకోండని రాజ్‌మహల్ కొండల కింది దామన్-ఇ-కోకి వాళ్లని పిలిచి, సాగయ్యాక శిస్తు పెంచుతూ పోయారు. కట్టడానికి మహాజన్ల దగ్గర అప్పు. అప్పుకి భూమి పోయింది. కోర్టు, పోలీసు వాళ్ల వైపే. ఇది కారణం. అణచివేశాక సంతాల్ పరగణా అని వేరే జిల్లా చేశారు, ఇది ఫలితం. దక్కన్‌లో రైత్వారీ. పత్తి ధర పడిపోయినా శిస్తు పెంచారు, రైతులు సాహుకార్ల అప్పు పత్రాలు తగలబెట్టారు, తర్వాత రైతుల రిలీఫ్ చట్టం వచ్చింది. రంపలో కల్లు మీద పన్ను, పోడు మీద ఆంక్షలు. నీలిమందు దగ్గర జాగ్రత్త. అక్కడ గొడవ ప్రధానంగా తోటల తెల్లదొరల బలవంతపు ఒప్పందాలతో, నేరుగా శిస్తుతో కాదు. ఆ తేడా రాస్తే ఎగ్జామినర్ ఆగి చూస్తాడు.”

బస్సు వచ్చింది. క్లీనర్ “బెజవాడ, బెజవాడ” అని అరుస్తున్నాడు. సార్ సంచులు ఎత్తుకుంటూ అన్నాడు: “శిస్తు ఎవరు వేశారు, ఎవరు వసూలు చేశారు, కట్టకపోతే ఏం పోయింది, కోపం ఎవరి మీద పడింది, చివరికి ఏ చట్టం మారింది. ఏ తిరుగుబాటుకైనా ఇవి అడుగమ్మా.”

కోపంగా ఒక్క మాట కూడా అనలేదు. క్షమించాననీ అనలేదు. బస్సు కదిలాక కిటికీలోంచి నా వైపు చూడలేదు.

తిన్నగా అన్న గదికి పోయాను. తలుపు తీసే ఉంది, నేల మీద పుస్తకాలు పరుచుకుని చదువుతున్నాడు. గడప దగ్గరే నిలబడి చెప్పేశాను. “అన్నా, సార్ అన్నది నిజమే. ప్రశ్నల వలస ప్రభుత్వం అని ఉన్నది. మనమే చదవలే.”

ఆయన తలెత్తి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

“నాకు కనబడలేదనుకున్నవా చెల్లె?”

నాకు అర్థం కాలేదు.

“ప్రశ్న సూసిన. సంతాల్ది, ముండాలది, దక్కన్‌ది నాకు నోటికొస్తది. అడుగు.” అడగకుండానే చెప్పాడు. ముండాల ఉమ్మడి భూములు జాగీర్దార్ల, గుత్తకు తీసుకున్న ఠికాదార్ల చేతుల్లోకి ఎట్లా పోయాయో, తర్వాత ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం ఎందుకు వచ్చిందో, తడుముకోకుండా చెప్పాడు. సార్ చెప్పినంత శుభ్రంగా. “ఎరికె ఉండే రాసిన. మా నాయిన్ను గడీల గుంజకు కట్టేసి కొట్టిన్రు. ఎన్నడన్న అడుగుతరేమోనని పాత పేపర్లన్నీ తిరగేసిన. అడిగినా, ఏదో ఓ చిన్న ప్రశ్న. అడగనోనికి ఎట్ల చెప్పాలె? అందుకే రాసిన. మార్కులు పోతయని ఎరికె.”

“మరి సార్?” అన్నాను.

అప్పుడు ఆయన ముఖం మారింది. “సార్‌ను ఎల్లగొట్టాలని గాదు చెల్లె. ఆ మాట ఇనంగనే నాకేమైందో నాకే తెల్వలే. డస్టర్ ఇసిరింది నేను గాదు. గని లేసింది నేనే గదా.”

ఆయన లేచి మంచినీళ్లు ఇచ్చాడు. గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. తప్పు చదివి రాశాననుకున్న నేను ఒకవైపు, తెలిసి రాసిన ఆయన ఒకవైపు, బస్సులో వెళ్లిపోయిన సార్ ఇంకోవైపు. కోపం ఎవరి మీద పడాలో తేల్చుకోలేకపోయాను.

రాష్ట్రం ఇచ్చేదాకా పరీక్ష రాయొద్దని ఉద్యమకారులు పిలుపిచ్చిన రోజుల్లోనే మెయిన్స్ వచ్చింది. మా ఇద్దరికీ ఒకే కాలేజీలో సెంటర్ పడింది, గదులు వేరు. గేటు బయట పోలీసులు, లోపలికి పోతుంటే వెనక నుంచి ఎవరో “ద్రోహులు” అని అరిచారు. పేపర్ తెరిచాను. మాటలు వేరు గానీ ప్రశ్న అదే. బ్రిటిష్ రెవెన్యూ విధానాలు, గిరిజన, రైతాంగ తిరుగుబాట్లు, ఫలితాలు. ‘బ్రిటిష్’ అన్న మాట కింద గీత గీసుకున్నాను. ఒక్కో తిరుగుబాటుకూ సార్ చెప్పిన ప్రశ్నలు వేసుకుని రాశాను. నీలిమందు దగ్గర ఆ తేడా రాశాను. చివర పోలికగా నిజాం రాజ్యం గురించి రెండు వాక్యాలు. పెన్ను ఆగనంది, బలవంతంగా ఆపాను.

బయటికి వస్తే అన్న గేటు పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మళ్లీ రెండు పేజీలు రాసే ఉంటాడనుకుని, పోట్లాడాలనే దగ్గరికి పోయాను.

“ఏం రాసినవ్ అన్నా?”

“అడిగిందే రాసిన” అన్నాడు.

“మనది?”

“ఒక్క లైను గుడ రాయలే. మార్కులకు ఆశపడ్డ చెల్లె.” అంటూనే మోచేత్తో ముఖం కప్పుకుని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి, అందరి ముందు. ఎర్ర గీత చూసినప్పుడు గానీ, షట్టర్ మీద నా పేరు చూసినప్పుడు గానీ నాకు అంత దెబ్బ తగల్లేదు. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను.

ఆయనకు ఉద్యోగం వచ్చింది, నాకు ఆ విడత రాలేదు. కొన్నేళ్లకు రాష్ట్రం వచ్చింది, సిలబస్ మారింది, తెలంగాణ ఉద్యమానికి ఏకంగా ఒక పేపరే పెట్టారు. ఆ వార్త నేనే అన్నకు ఫోన్ చేసి చెప్పాను. అంతా విని అడిగాడు: “సార్ నంబర్ ఏమన్న దొరికిందా చెల్లె?”

దొరకలేదన్నాను. ఇప్పటికీ దొరకలేదు.