శాలువ విలువ

రాంచందర్‌కు మేనేజర్ పదవి వచ్చిన రోజు భార్య సౌందర్య పరమాన్నం వండింది. మానుకోటలో వెంకట్రాజం సేటుకు బోరుమోటార్లు, పైపుల దుకాణం ఉంది. రాంచందర్ అందులో పదమూడేళ్లు గుమస్తా. దసరా రోజు తరాజుకు, బిల్లుబుక్కులకు పూజ చేసి పనివాళ్లందరి ముందు సేటు ఒకరికి శాలువ కప్పడం ఆ దుకాణంలో రివాజు. ఆ ఏడు కప్పింది రాంచందర్‌కు. "ఇయ్యాల్టి నుంచి మా రాంచందర్ మేనేజర్" అన్నాడు సేటు. అందరూ చప్పట్లు కొట్టారు.

జీతం మాత్రం పైసా పెరగలేదు. పైగా లోడు దింపిన రోజుల్లో ఇచ్చే బత్తా పోయింది. "మేనేజరుకు బత్తా ఏందిరా, మంది నవ్వుతరు" అన్నాడు సేటు. ఒక మోటారు తక్కువ పడితే మాత్రం మేనేజర్‌నే నిలబెట్టి అడిగేవాడు. పని పెరిగింది, జవాబుదారీ పెరిగింది, పేరు ఒకటి తగిలింది. చేతికి వచ్చేది తగ్గింది.

మూడేళ్లు చూసి రాంచందర్ జనగామకు వెళ్లాడు. అక్కడ నారాయణ అనే హోల్‌సేల్ వ్యాపారికి మేనేజర్ కావాలని తెలిసింది. నారాయణ అన్నీ విని, సేటుకు ఫోన్ చేశాడు. సేటు నవ్వాడట. "మేనేజరా? మా కాడ గుమస్తానే. పండుగనాడు ముచ్చటకు శాలువ కప్పినం, గంతే."

రాంచందర్ దగ్గర చూపించడానికి ఒక్క కాగితం ముక్క లేదు. ఇంటికి వచ్చి ఆ మాట భార్యకు చెప్పి, అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచాడు. ఆ మరుసటి ఏడు లోడు దింపిస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. దవాఖానకు చేరేలోపే పోయాడు.

దినాల నాడు సేటు వచ్చి, చుట్టాలందరి నడుమ కండ్లు తుడుచుకున్నాడు. "మా మేనేజర్, నా పానం అసొంటోడు పోయిండు" అన్నాడు.

గోడకు ఆనుకుని కూర్చున్న సౌందర్య తల ఎత్తింది. బతికున్నప్పుడు నారాయణ అడిగితే నోట రాని మాట, చచ్చినంక వచ్చింది. ఆ రోజు ఆమె ఏడవలేదు. ఆ మాట మళ్లీ ఒకసారి, అదే నోటితో, బతికున్న మనిషి కోసం అనిపించాలని మనసులో పెట్టుకుంది.

సేటు జాలితో ఆమెకు బిల్లులు రాసే పని ఇచ్చాడు. ఆమె ఏడో తరగతితో ఆగిన మనిషి. కంప్యూటర్ మీద బిల్లు కొట్టడం సేటు కోడలు వినీత నేర్పింది. ఏ భూమికి ఏ మోటారు పనికొస్తుందో, ఏ రైతు మాట నిజమో, ఏ కంపెనీ మనిషి ఎక్కడ తగ్గుతాడో ఆమె అయిదేళ్లలో నేర్చుకుంది. గూడూరు దిక్కు రైతులు సేటు ఉన్నా ఆమె దగ్గరికే వచ్చి అడిగేవారు.

ఆ ఏడు సేటు భూపాలపల్లిలో రెండో దుకాణం తెరవాలనుకున్నాడు. మోటార్ల కంపెనీ తరఫున వచ్చిన నిరంజన్ ఒక షరతు పెట్టాడు. అక్కడ ఉండి దుకాణం నడిపే మేనేజర్ ఎవరో లెటర్‌హెడ్ మీద రాసి ఇస్తేనే డీలర్‌షిప్.

దసరా పూజ అయింది. సేటు శాలువ విప్పి సౌందర్య వైపు వచ్చాడు.

"శాలువ వద్దు సేటు."

పనివాళ్లు ఒకరి మొకం ఒకరు చూసుకున్నారు.

"ఏందమ్మా, చిన్నదైందా?" అని నవ్వాడు సేటు.

"మా ఇంట్ల ఒకటి ఉన్నది. గదే ఇంక చినుగలే. నాకు కాగితం కావాలె."

"ఓ, జీతం పెంచుమంటవు. చూద్దాం తీ."

"జీతం ముచ్చట నేనెత్తలే. గది వేరే, గిది వేరే. ముందు పోస్టు ఏందో, పని ఏందో రాసియ్యి. పైసల సంగతి రేపు మాట్లాడుకుందం."

సేటుకు ప్రాణం లేచి వచ్చింది. పేరు ఇస్తే తనకు పోయేదేముంది? కంపెనీకి ఎలాగూ ఇవ్వాల్సిందే. వినీత టైప్ చేసింది. సౌందర్య పక్కన కూర్చుని ఒక్కొక్కటి చెప్పింది: భూపాలపల్లి బ్రాంచి మేనేజర్, ఫలానా తారీఖు నుంచి, సరుకు తెప్పించడం, పనివాళ్లను పెట్టుకోవడం, అమ్మకాలు చూడడం, పని మానాలంటే ఎవరైనా నెల ముందు చెప్పాలి.

"జీతం ఎంతని కొట్టాలె అక్కా?" అంది వినీత.

"అది రాయకు. గిండ్ల జీతం గుడ కలిపితే, జీతం పెంచినందుకు పోస్టుల కోత పెడతడు."

సేటు చదవకుండానే సంతకం పెట్టి స్టాంపు కొట్టాడు.

మరునాడు పొద్దున ఆమె జీతం అడిగింది. గుమస్తాకు ఇచ్చేది కాదు, బ్రాంచి నడిపే మనిషికి ఇచ్చేది.

"నిన్ననే కద పోస్టు ఇచ్చిన! మళ్ల జీతమా?"

"పోస్టు ఇచ్చినవు. పని పెంచినవు. పెరిగిన పనికి పైస పెరగాలె గద."

సేటు కాసేపు గల్లాపెట్టె మీద వేళ్లు ఆడించాడు. "సరే, ఒక పని చేద్దాం. నెలకు నాలుగు వేలు పెంచుత. కాని ఆ కాగితం వాపస్ ఇచ్చెయ్యి. పాత పని, పాత పేరు. మేనేజర్ అని మా తమ్ముని కొడుకును రాసుకుంట. ఏదో ఒకటే."

ఆమె మనసులో లెక్క వేసుకుంది. ఇంటి కిరాయి కట్టి రెండు నెలలైంది. నాలుగు వేలంటే మాటలు కాదు. కాని ఆ నాలుగు వేలు ఈ గడప దాకానే. రేపు ఇంకో చోటికి పోతే మళ్లీ గుమస్తానే. కాగితం అలా కాదు, గడప దాటి తన వెంట వస్తుంది. అన్నం ముందు నుంచి లేచిన మనిషి గుర్తొచ్చాడు.

"పాత జీతానికే చేస్త సేటు. కాగితం నా కాడనే ఉంటది."

"పిచ్చిదానివి" అన్నాడు సేటు సంబరంగా.

అయిదు నెలలు ఆమె భూపాలపల్లిలోనే ఉండి దుకాణం నడిపింది. యాసంగి పంట నీళ్లు లేక ఎండిపోయే కాలంలో మోటార్లు కాలిపోతాయి. ఆ సీజన్‌లో దుకాణం మానుకోట దుకాణాన్ని దాటింది. అప్పుడు ఒక ఆదివారం ఆమె జనగామ బస్సెక్కింది.

నారాయణ కాగితం రెండుసార్లు చదివాడు. కంపెనీకి ఇచ్చింది కూడా అదేనని ఆమె చెప్పింది. "భూపాలపల్లిలో మేము కూడ దుకాణం పెడుతున్నం, మేనేజర్ కావాలె. కాని అమ్మా, ఒక్క ఫోన్ చేస్త, ఏమనుకోవద్దు."

"చెయ్యి సేటు. స్పీకర్ పెట్టి చెయ్యి."

ఫోన్ మోగింది. అవతల వెంకట్రాజం గొంతు. "సౌందర్యనా? గుమస్తానే గామె. పాపం, మొగడు పోయిండు, జాలికి పెట్టుకున్న."

రాంచందర్ గురించి అడిగిననాడు నవ్విన నవ్వే నవ్వాడు. సౌందర్య కాగితం మీది సంతకం వైపు వేలు చూపింది.

"గట్లనా?" అన్నాడు నారాయణ. "మరి మీ లెటర్‌హెడ్ మీద మీ సంతకం, స్టాంపు నా చేతుల ఉన్నయి. కంపెనీకి గుడ గిదే ఇచ్చిన్రట. గుమస్తాను మేనేజరని రాసిచ్చిన్రా? కంపెనీ మనిషి నిరంజన్‌ను అడగాల్నా?"

అవతల మెల్లగా, నోట్లో రాయి పెట్టుకున్నట్టు, "మేనేజరే" అన్నాడు వెంకట్రాజం.

జీతం మాట్లాడుకోవడానికి పది నిమిషాలు పట్టలేదు. పోస్టు మీద వాదన లేదు కనుక మిగిలింది అంకె ఒక్కటే. పాతదానికి రెండింతలకు తెగింది.

మరునాడు ఆమె నెల నోటీసు రాసి సేటు ముందు పెట్టింది. సీజన్ నడుమ, గిరాకీ తలుపు మీద ఉండగా.

"ఎంత కావాల్నో చెప్పు బిడ్డా, నారాయణ ఇచ్చేదాని మీద వెయ్యి ఎక్కువిస్త" అన్నాడు సేటు. ఆ గొంతులో మొదటిసారి బతిమాలడం ఉంది.

సౌందర్య సంచిలోంచి ఒక పాత శాలువ తీసింది. రాంచందర్‌ది. ఉతికి, మడతపెట్టి, ఇన్నేళ్లు దాచింది. దాన్ని గల్లాపెట్టె మీద పెట్టింది.

"మా ఆయనకు నువ్విచ్చిన పోస్టు ఇది. ఎన్నడన్న అక్కెరొస్తే నువ్వే కప్పుకో. నాకు నువ్వు పేరిచ్చినవు, సాలు. జీతం వేరే కాడ తీసుకుంట."

నెల రోజులు ఒక్క పూట మానకుండా పని చేసింది. చివరి రోజు తాళంచేతులు వినీత చేతిలో పెట్టి, గూడూరు, భూపాలపల్లి దిక్కు రైతుల్లో ఎవరికి ఏ మోటారు కావాలో ఉన్న చిన్న బుక్కు మాత్రం తన సంచిలో వేసుకుంది. అది ఆమె సొంత రాత. సేటు అది చూసి బిల్లుల వైపు తిరిగాడు. శాలువ ఇంకా గల్లాపెట్టె మీదే ఉంది. తీసి ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు.